నలభై నిమిషాల టాక్‌లో బరువు స్లైడ్లు, తేలిక స్లైడ్లు: ఏది ఎప్పుడు, ఎంతసేపు

నలభై నిమిషాల టాక్ నిభాయించడం కష్టం. పదిహేను నిమిషాలదైతే ఎంత దట్టంగా చెప్పినా జనం పట్టి వింటారు, పూట మొత్తం సాగే వర్క్‌షాప్ అయితే మధ్యలో టీ బ్రేక్ ఉంటుంది. నలభై నిమిషాలకు బ్రేక్ ఎవరూ ఇవ్వరు, కానీ బ్రేక్ అవసరం మాత్రం వస్తుంది. సగం దాటేసరికి కుర్చీలు కదలడం మొదలవుతుంది, ఒళ్లో ఫోన్లు వెలుగుతాయి, చెప్పేవాళ్లు కంగారుపడి గొంతు పెంచుతారు లేదా వేగం పెంచుతారు. రెండూ పనిచేయవు, ఎందుకంటే సమస్య గొంతులో లేదు. వరుసగా నాలుగైదు కష్టమైన స్లైడ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, వినేవాళ్లకు ఊపిరి పీల్చుకునే చోటు లేకుండా పోయింది. కాబట్టి దీన్ని స్టేజీ మీద కాదు, స్లైడ్ల వరుస వేసుకునేటప్పుడే సరిచేయాలి.

మొత్తం ఒకే టాక్ పట్టుకుని చూపిస్తాను. విషయం: "యూపీఐలో డబ్బు కట్ అయింది, అవతలివాళ్లకు చేరలేదు. ఆ డబ్బు ఇప్పుడు ఎక్కడుంది?" వినేవాళ్లు ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లలు అనుకోండి. రోజూ వాడతారు, లోపల ఏం జరుగుతుందో తెలియదు. ప్రశ్నలకు వేరే టైం ఉంది, నలభై నిమిషాలూ టాక్‌వే.

మొదట, ఏది బరువో ఏది తేలికో తేల్చుకోవాలి

ఎక్కువ అక్షరాలుంటే బరువు, బొమ్మ ఉంటే తేలిక అని చాలామంది అనుకుంటారు. అలా లెక్కేస్తే వరుస తప్పుతుంది. స్లైడ్ అర్థం కావాలంటే వినేవాడు ఎన్ని కొత్త సంగతుల్ని ఒకేసారి మనసులో పట్టుకుని, వాటిని ఒకదానితో ఒకటి కలపాలి అన్నదే బరువు. మనకు తెలిసిన ఇరవై బ్యాంకుల పేర్లు తెరనిండా ఉన్నా అది తేలికే, ఎవరూ వాటిని కలపక్కర్లేదు. ఒకే ఒక్క ఫార్ములా ఉన్న స్లైడ్, అందులో మూడు గుర్తులు కొత్తవైతే, చాలా బరువు.

మన టాక్‌లో అన్నిటికన్నా బరువైనది డబ్బు నడిచే దారి బొమ్మ. అందులో మీ యాప్, ఆ యాప్ వెనక ఉన్న బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ, మీ ఖాతా ఉన్న బ్యాంకు, అవతలివాళ్ల ఖాతా ఉన్న బ్యాంకు, వాళ్ల యాప్ వెనక బ్యాంకు, ఇలా ఆరు పెట్టెలు, వాటి మధ్య పదికి దగ్గరగా బాణాలు. "కట్ అయింది 500. చేరింది 0." అని రెండే ముక్కలున్న స్లైడ్ తేలిక.

అనుమానం వస్తే ఇలా తేల్చుకోండి. విషయం తెలియని ఒకరికి స్లైడ్ చూపించి, మీరేమీ మాట్లాడకుండా, "ఇది ఏం చెబుతోంది?" అని అడగండి. ఓ ఇరవై సెకన్లలో చెప్పేస్తే తేలిక, అంతకంటే ఎక్కువ పడితే బరువు. నేను వాడే గీత ఇది. మీ వాళ్లను బట్టి కొంచెం జరుపుకోవచ్చు.

రెండు రకాలు మాత్రం మోసం చేస్తాయి. ఒకటి, తెర మీద అందమైన ఫొటో, నోటితో మాత్రం ఐదు మెలికలున్న వివరణ. ఫొటో చూసి దాన్ని తేలిక కింద రాసుకుంటారు గానీ వినేవాళ్లకు అది బరువే, పైగా చూసి ఆనుకోవడానికి తెర మీద ఏమీ ఉండదు. రెండోది, ఆరేడు వాక్యాల బులెట్ల స్లైడ్, చెప్పేవాళ్లు దాన్నే చదువుతుంటారు. అది బరువూ కాదు, తేలికా కాదు. జనం మీకంటే ముందే చదివేసి, మీరు చివరికి వచ్చేదాకా ఖాళీగా కూర్చుంటారు. అలాంటివి వరుసలో పెట్టకండి. ఒక్కో దాన్ని ఒక బొమ్మగానో ఒక ప్రశ్నగానో మార్చండి, కుదరకపోతే తీసేయండి.

తేలిక స్లైడ్ చేసే పని ఏంటి

2010లో డయాన్ బన్స్, మరో ఇద్దరు పరిశోధకులు కెమిస్ట్రీ క్లాసుల్లో విద్యార్థుల చేతికి క్లిక్కర్లు ఇచ్చి, ధ్యాస తప్పినప్పుడల్లా నొక్కమన్నారు. ధ్యాస పది పదిహేను నిమిషాలు నిలబడి ఒక్కసారిగా కూలిపోలేదు. క్లాసంతా చిన్న చిన్న అలల్లా తప్పుతూ, మళ్లీ తిరిగి వస్తూ ఉంది. మనకు కావలసిన ముక్క ఇంకొకటి ఉంది. డెమో చూపిస్తున్నప్పుడు, ప్రశ్న అడిగినప్పుడు ధ్యాస తప్పడం తగ్గింది, ఆ డెమో లేదా ప్రశ్న అయిపోయిన వెంటనే వచ్చిన మామూలు లెక్చర్‌లో కూడా తగ్గింది. అంటే తేలిక భాగం ఇచ్చే లాభం దాని దగ్గరే ఆగడం లేదు, తర్వాత వచ్చే బరువు భాగానికి కూడా అందుతోంది.

అందుకే సూర్యాస్తమయం ఫొటో, పిల్లి బొమ్మ పెట్టి తేలిక స్లైడ్ అనుకోవడం నాకు నచ్చదు. అది మనసును విషయం బయటికి తీసుకెళ్తుంది, మళ్లీ లోపలికి లాక్కురావడానికి మీరే ఇంకో నిమిషం ఖర్చుపెట్టాలి. తేలిక స్లైడ్ కూడా విషయంలోదే కావాలి. బరువు స్లైడ్‌కి ముందు వస్తే, ఆ బరువు స్లైడ్ జవాబు చెప్పబోయే ప్రశ్నను పుట్టించాలి. తర్వాత వస్తే, అప్పుడే విన్నదాన్ని తమ అనుభవంలో ఒకచోట పెట్టుకునేలా చేయాలి. ఈ రెండింటిలో ఏదీ చేయని తేలిక స్లైడ్ వల్ల విరామం దొరుకుతుందేమో గానీ తర్వాతి స్లైడ్‌కి ధ్యాస సిద్ధం కాదు.

కాగితం మీద నలభై గడులు

స్లైడ్ల సాఫ్ట్‌వేర్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. అడ్డంగా పెట్టిన కాగితం మీద నలభై గడులు గీయండి, గడికి ఒక నిమిషం. స్లైడ్ల సంఖ్యతో లెక్క వేయకండి. ఒక బరువు, ఒక తేలిక అని మార్చి మార్చి పెట్టినా, బరువుది ఆరు నిమిషాలు, తేలికది ఇరవై సెకన్లు అయితే వినేవాళ్లకు అది వరుసగా బరువే.

ఆఖరి రెండు గడులు ముందే కొట్టేయండి. మైక్ అందుకోవడం, ప్రొజెక్టర్ మొండికేయడం, పరిచయం లాగడం వంటివన్నీ అక్కడికి పోతాయి. మిగిలిన ముప్పై ఎనిమిదిలో బరువు భాగాలకు పెన్సిల్‌తో నలుపు వేయండి, తేలికవి తెల్లగా వదిలేయండి. ఒక నల్ల పట్టీ నాలుగు గడులు దాటకూడదు, మరీ తప్పకపోతే ఐదు. నల్ల పట్టీల మధ్య తెలుపు కనీసం రెండు గడులు ఉండాలి. మొత్తం మీద నలుపు సగం కంటే కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు, మూడింట రెండు వంతులైతే మాత్రం విషయం నలభై నిమిషాలకు పట్టదని అర్థం, అందులో ఒక భాగం తీసేయాల్సిందే.

ఇంకొక్క సంగతి. పట్టీలో ఎక్కడో ఒకచోట, పంతొమ్మిది నుంచి ఇరవై ఏడు నిమిషాల మధ్య, మామూలుకంటే వెడల్పైన తెలుపు ఉండాలి, మూడు నాలుగు గడులు. అది ఊరికే చూసే స్లైడ్ కాకుండా జనం ఏదో ఒకటి చేసేది అయితే మేలు.

మన యూపీఐ టాక్ ఎలా పడుతుందంటే

మొదటి మూడు నిమిషాలు తేలిక. తెర మీద ఫోన్, అందులో తిరుగుతూనే ఉన్న చక్రం. 500 కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, షాపులో సౌండ్‌బాక్స్ మోగలేదు. డబ్బు ఎక్కడుందో అడగండి, జవాబు చెప్పకండి. తర్వాతి రెండు నిమిషాల్లో ఆ ఆరు పెట్టెలు, బాణాలు లేకుండా, పేర్లతో మాత్రమే. ఇది కూడా తేలికే, పరిచయాలు కదా. కానీ దీనివల్ల ఐదో నిమిషంలో వచ్చే దారి బొమ్మ బరువు సగానికి తగ్గుతుంది, ఎందుకంటే అప్పటికి పెట్టెలు తెలిసినవే, బాణాలు మాత్రమే కొత్త.

ఐదు నుంచి తొమ్మిది వరకు దారి బొమ్మ. మీ యాప్ నుంచి రిక్వెస్ట్ ఎన్‌పీసీఐకి వెళ్తుంది, అది అవతలి యూపీఐ ఐడీ వెనక ఏ ఖాతా ఉందో కనుక్కుంటుంది, మీ బ్యాంకును డబ్బు తీయమంటుంది, తీశానని జవాబు వచ్చాక అవతలి బ్యాంకును జమ చేయమంటుంది. ఆ వెంటనే రెండు నిమిషాల తెలుపు, తెర మీద నాలుగే మాటలు: "మొదట కట్. తర్వాత జమ." ఇక్కడ మొదటి ప్రశ్నను మళ్లీ గుర్తుచేసి, డబ్బు ఇరుక్కోగల సందు ఎక్కడుందో వాళ్లనే చూపించమనండి. చాలామంది సరిగ్గానే చూపిస్తారు.

పదకొండు నుంచి పదిహేను దాకా రెండో బరువు: పిన్. మీరు నొక్కే ఆ నాలుగు లేదా ఆరు అంకెల్ని యాప్ చూడదు, ఎన్‌పీసీఐ ఇచ్చిన కామన్ లైబ్రరీ తెరిచే పేజీలో అవి నమోదై, ఎన్‌క్రిప్ట్ అయి, మీ బ్యాంకు దాకా వెళ్తాయి. తర్వాతి రెండు నిమిషాల తేలిక స్లైడ్ సులువు: "డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు." ఇంట్లో ఎవరికైనా పిన్ కొట్టమని మోసగాళ్ల ఫోన్ వచ్చిందా అని చేతులెత్తమనండి. అప్పుడే విన్న సాంకేతిక సంగతి అక్కడ సొంత ఇంటి సంగతి అయిపోతుంది.

పదిహేడు నుంచి ఇరవై రెండు, ఇదే టాక్‌కు గుండెకాయ, ఐదు నిమిషాల పట్టీ ఇదొక్కటే. అదే దారి బొమ్మ మళ్లీ, ఈసారి మీ బ్యాంకు జవాబు ఇవ్వకపోతే ఏమవుతుంది, అవతలి బ్యాంకు జమ చేసి కూడా ఆ మాట చెప్పలేకపోతే ఏమవుతుంది అని ఒక్కోచోట ఆపి చూపించడం. కొత్త బొమ్మ గీయకండి, పాతదాన్నే వాడండి.

దాని తర్వాత ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు వరకు వెడల్పు తెలుపు. ఒక లావాదేవీ కథ చెప్పి, ఎక్కడ ఆగిందో పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకుని తేల్చమనండి. గదిలో గోల లేస్తుంది, లేవనివ్వండి. ఆ తర్వాత చేతులెత్తించి జవాబు చెప్పండి.

ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా, రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన గడువులు: మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు కట్ అయి చేరకపోతే లావాదేవీ మర్నాటికల్లా వెనక్కి రావాలి, షాపుకు కట్టినదానికి ఖరారు రాకపోతే ఐదు రోజుల్లోపు, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆపై రెండు నిమిషాలు తేలిక, పన్నెండు అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు యాప్‌లో ఎక్కడ కనిపిస్తుందో ఒక స్క్రీన్‌షాట్, అందరూ తమ ఫోన్లోనే వెతుక్కుంటారు. ముప్పై రెండు నుంచి ముప్పై ఆరు చివరి బరువు: ముందు యాప్‌లో ఫిర్యాదు, తేలకపోతే బ్యాంకు, అక్కడా తేలకపోతే అంబుడ్స్‌మన్, ఏ మెట్టు దగ్గర ఏం చూపించాలి. మిగిలిన రెండు నిమిషాలు మొదటి స్లైడే, ఇప్పుడు జనమే డబ్బు ఎక్కడుందో చెబుతారు.

కలిపి చూస్తే బరువు ఇరవై ఒక్క నిమిషాలు, తేలిక పదిహేడు. ఐదు బరువు పట్టీల్లో రెండు ఒకే బొమ్మ మీద నడుస్తున్నాయని గమనించండి. రెండోసారి కనిపించిన బరువు బొమ్మ మొదటిసారంత బరువు ఉండదు, అందుకే ఐదు నిమిషాలు సాగదీయగలిగాం.

బరువు స్లైడ్ తెర మీదకు వచ్చాక

స్లైడ్ మారగానే జనం కళ్లు తెర మీదకు పోతాయి, చెవులు కాసేపు మూసుకుంటాయి. ఆ సమయంలో చెప్పింది పోయినట్టే. కాబట్టి ముందు ఒక్క వాక్యం: "ఎడమ పక్క మీ బ్యాంకు, కుడి పక్క వాళ్ల బ్యాంకు, మధ్యలో ఎన్‌పీసీఐ." తర్వాత ఐదారు సెకన్లు ఊరుకోండి. స్టేజీ మీద అది చాలా పొడుగ్గా అనిపిస్తుంది, కింద కూర్చున్నవాళ్లకు అనిపించదు. ఆ తర్వాత ఒకే దారి వెంట నడవండి. బాణాలను ఒక్కొక్కటిగా తెప్పించడం మంచిదే కానీ ప్రతి బాణానికీ ఒక క్లిక్ పెడితే మొత్తం బొమ్మ ఎప్పటికీ కనిపించదు. మూడు నాలుగు విడతలు చాలు.

మన దగ్గర ఇంకో బరువు కూడా ఉంటుంది, దాన్ని చాలామంది లెక్కలో వేయరు. స్లైడ్ ఇంగ్లీషులో, మాట తెలుగులో. మీరు "డబ్బు పంపే బ్యాంకు" అంటారు, తెర మీద Remitter Bank అని ఉంటుంది. రెండూ ఒకటేనని వినేవాడు ప్రతిసారీ గుర్తుచేసుకోవాలి, బాణం వెంట నడవాల్సిన ధ్యాస అక్కడ ఖర్చవుతుంది. తేలిక స్లైడ్‌లో ఇది పెద్ద ఇబ్బంది కాదు. బరువు స్లైడ్‌లో మాత్రం తెర మీద ఉన్న మాటే నోట్లోనూ రావాలి. ఇంగ్లీషు మాట తప్పనిసరైతే దాన్నే పలకండి, లేదా స్లైడ్‌లోనే తెలుగు రాయండి.

వివరిస్తుండగా ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే, బొమ్మతో పనిలేనప్పుడు, `B` నొక్కండి. పవర్‌పాయింట్‌లో, గూగుల్ స్లైడ్స్‌లో తెర నల్లబడుతుంది, ఇంకోసారి నొక్కితే తిరిగి వస్తుంది. స్లైడ్ చేయనవసరం లేని తేలిక నిమిషం అది.

రిహార్సల్ టైములు చూసి పట్టీని సరిదిద్దడం

పవర్‌పాయింట్‌లో Slide Show మెనూలో Rehearse Timings ఉంటుంది. నిలబడి, గట్టిగా మాట్లాడుతూ మొత్తం చెప్పండి. మనసులో చదువుకుంటే టైం తక్కువ చూపిస్తుంది. అయ్యాక టైములు సేవ్ చేసుకుంటే Slide Sorter వ్యూలో ప్రతి స్లైడ్ కింద అది ఎంతసేపు నడిచిందో కనిపిస్తుంది. వాటిని గడుల కాగితం మీద వేరే రంగు పెన్నుతో వేయండి. చూసుకున్నాక Use Timings టిక్ తీసేయడం మరవకండి, లేకపోతే అసలు రోజున స్లైడ్లు వాటంతటవే కదిలిపోతాయి.

దాదాపు ప్రతి ఒక్కరికీ ఒకే రకం తేడా కనిపిస్తుంది. బరువు పట్టీలు ఒకటి రెండు నిమిషాలు పెరిగి ఉంటాయి, తేలికవి ముప్పై సెకన్లకు కుంగిపోయి ఉంటాయి. ఎదురుగా జనం లేనప్పుడు చేతులెత్తమని అడిగి ఆగడం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి కొంత సహజమే. అయినా గది ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ ఆగాల్సిన సెకన్లు నిజంగా ఆగండి, లేకపోతే మీ లెక్క అబద్ధం చెబుతుంది. బరువు పట్టీ ఐదు గడులు దాటితే వేగంగా మాట్లాడి సర్దకండి. ఆ స్లైడ్‌ను రెండు చేసి మధ్యలో ఒక తెలుపు పెట్టండి, లేదా అందులో ఒక ముక్కను చేతికిచ్చే కాగితానికి మార్చండి.

టైం తరిగిపోతే ఏది వదలాలి

ఇక్కడే మంచి టాక్‌లు పాడవుతాయి. కార్యక్రమం ఆలస్యమై నలభై కాస్తా ముప్పై అవుతుంది, చెప్పేవాళ్లు గబగబా తేలిక స్లైడ్లు దాటేస్తారు, "ఇది వదిలేద్దాం, అసలు విషయానికి వెళ్దాం" అంటూ. దాంతో చివరి ఇరవై నిమిషాలూ అతుకు లేని నల్ల పట్టీ అయిపోతుంది, చెప్పింది ఏదీ ఎక్కదు.

వదలాల్సింది ఒక బరువును, దాని వెంట ఉన్న తేలికతో సహా, జంటగా. ఏ జంట అన్నది ముందు రోజే నిర్ణయించుకోండి. మన టాక్‌లో పిన్ జంట పోవచ్చు, డబ్బు ఎక్కడుందన్న ప్రశ్నకు అది లేకపోయినా జవాబు దొరుకుతుంది, ఆరు నిమిషాలు మిగులుతాయి. ఇంకా కావాలంటే ఫిర్యాదు మెట్ల స్లైడ్‌ను కాగితం మీద పంచేస్తే నాలుగు. వెడల్పు తెలుపును మాత్రం ముట్టుకోకండి. దాటాల్సిన స్లైడ్లను ఒక్కొక్కటే క్లిక్ చేస్తూ అందరి ముందూ పరిగెత్తించనక్కర్లేదు. పవర్‌పాయింట్ షోలో స్లైడ్ నంబరు కొట్టి `Enter` నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది, కాబట్టి ఏ జంట తీస్తే ఏ నంబరుకు దూకాలో చేతి కాగితం మీద రాసి ఉంచుకోండి.

గదిని చూసి తెలుసుకోవలసినవి

బరువు స్లైడ్ రాగానే ఫోన్లు పైకి లేచి ఫొటోలు తీస్తున్నారంటే, అందులో సరుకు ఉందని వాళ్లకు తెలిసింది, ఇప్పుడు పట్టుకునేంత టైం ఇవ్వరేమోనని అనుమానం కూడా ఉంది. స్లైడ్లు తర్వాత పంపుతానని అక్కడే చెప్పండి, ఆ స్లైడ్ మీద ఇంకో నిమిషం ఉండండి. మీరు మాట్లాడుతున్న బాణం కుడివైపు ఉంటే జనం చూపు ఇంకా ఎడమవైపే ఉందంటే, మీరు ముందుకెళ్లిపోయారు. ఆగి, వెనక్కి వచ్చి, ఆ పెట్టె పేరు మళ్లీ చెప్పండి. తేలిక స్లైడ్ దగ్గర కూడా ఎవరూ తల ఎత్తకపోతే దాని ముందున్న బరువు మరీ ఎక్కువైందని అర్థం. అప్పుడు తర్వాతి బరువుకు పోకుండా ఒక ప్రశ్న అడిగి, ఎవరో ఒకరు జవాబు ఇచ్చేదాకా ఆగడం నయం.

టాక్ అయ్యాక వచ్చే ప్రశ్నల్ని కూడా గడుల కాగితం మీద గుర్తుపెట్టండి, ఏ ప్రశ్న ఏ నిమిషం దగ్గర చెప్పినదాని మీద వచ్చిందో. అన్నీ మొదటి పది గడుల దగ్గరే పడి, పదిహేడు నుంచి ఇరవై రెండు మధ్య ఒక్కటీ లేకపోతే, గుండెకాయ లాంటి ఆ భాగం ఎవరికీ చేరలేదు. తర్వాతిసారి ఇదే టాక్ ఇచ్చేటప్పుడు దాని ముందున్న తెలుపును రెండు నుంచి మూడు చేసి, ఆ నిమిషాన్ని గడువుల పట్టీ నుంచి తీసుకుంటాను.